చేతికి రాని జీతానికి పన్ను లెక్క

ఫిబ్రవరి వచ్చిందంటే మన రెండు రాష్ట్రాల్లోని బడుల్లో, మండల కార్యాలయాల్లో పన్ను లెక్కలు మొదలవుతాయి. ఆ నెల జీతం బిల్లుతో పాటు ఏడాది మొత్తం ఆదాయం ఎంత, దాని మీద పన్ను ఎంత అనే స్టేట్‌మెంట్ తయారుచేసి డీడీవోకి ఇవ్వాలి. పాత పెన్షన్ ఉన్నవాళ్లకు ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. సీపీఎస్‌లో ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక వరుస మీద కలం ఆగిపోతుంది. ప్రభుత్వం మన పెన్షన్ ఖాతాలో వేసిన వాటాను ఆదాయంలో కలపాలా, వద్దా? కలిపితే మళ్లీ ఎక్కడ తీసేయాలి? స్టాఫ్ రూములో ఒకరు కలపాలంటారు, ఇంకొకరు అక్కర్లేదంటారు. మూడోవారు కలపకుండానే తీసేస్తారు. ఈ ముగ్గురికీ వచ్చే పన్ను ఒకటి కాదు. తేడా ఎంత ఉంటుందో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

2004 సెప్టెంబర్ 1 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్లందరూ సీపీఎస్ కిందికి వచ్చారు. కేంద్ర ఉద్యోగులకు అదే ఏడాది జనవరి 1 నుంచి మొదలైన ఎన్‌పీఎస్‌నే మన దగ్గర సీపీఎస్ అని పిలుస్తున్నాం. ప్రతి నెలా బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 10 శాతం ఉద్యోగి జీతం నుంచి కోస్తారు. అంతే మొత్తాన్ని ప్రభుత్వం తన వాటాగా జమ చేయాలి. రెండూ ఉద్యోగి పేరున ఉన్న ప్రాన్ ఖాతాలోకే వెళతాయి. ఉద్యోగి వాటా పే స్లిప్‌లో కోతల వరుసలో కనిపిస్తుంది. ప్రభుత్వ వాటా మాత్రం సాధారణంగా జీతం బిల్లు మొత్తంలో ఉండదు, ఖజానా నుంచి వేరుగా వెళుతుంది. చేతికి రాదు, బ్యాంకు ఖాతాలో పడదు. కాబట్టి అది జీతం కాదనే అనుకుంటాం.

చట్టం అలా అనుకోదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో జీతం అంటే ఏమేమిటో చెప్పే 17(1) సెక్షన్‌లో, పెన్షన్ పథకంలోకి యజమాని వేసే వాటా కూడా జీతమేనని ఒక క్లాజు ఉంది. మీరు పనిచేశారు కాబట్టే ఆ డబ్బు మీ పేరున జమైంది, అందువల్ల అది మీ ఆదాయం. ఇది ఒక సగం. రెండో సగం 80సీసీడీ(2) సెక్షన్‌లో ఉంది. అలా ఆదాయంలో చేరిన యజమాని వాటాను, ఒక పరిమితి వరకు, ఆదాయం నుంచి తిరిగి తీసేయవచ్చని అది చెబుతుంది.

“నాకు రాని డబ్బును ముందు కలపడమెందుకు, మళ్లీ తీసేయడమెందుకు మాస్టారూ? రెండూ మానేస్తే పోలా?” అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆ పరిమితిలోనే ఉంది. వాటా పరిమితి దాటితే పైబడిన ముక్క ఆదాయంలోనే మిగిలిపోయి దాని మీద పన్ను పడాలి. మొత్తం వాటా ముందుగా ఆదాయంలోకి వచ్చి ఉంటేనే అది జరుగుతుంది. అందుకే మొత్తాన్ని లోపలికి తెచ్చి, అనుమతించినంత మేరకే బయటికి పంపుతారు.

ప్రావిడెంట్ ఫండ్‌కి ఈ తిరుగుడు లేదు. 1961 చట్టం ప్రకారం గుర్తింపు పొందిన పీఎఫ్‌లో యజమాని వేసే వాటా, జీతంలో 12 శాతం దాటనంతవరకు, అసలు ఆదాయంలోకే రాదు. దాటిన భాగాన్ని మాత్రమే కలుపుతారు. పీఎఫ్ లెక్కకు అలవాటుపడినవాళ్లు ఎన్‌పీఎస్ వాటాను కూడా అలాగే చూస్తారు. గందరగోళం సగం అక్కడే పుడుతుంది.

మిగతా సగానికి కారణం మన రాష్ట్రాల్లోని 10కి 10 శాతం పద్ధతి. ఉద్యోగి వాటా, ప్రభుత్వ వాటా రెండూ ఒకే అంకె. ఏడాదికి 1,20,000 కోసి ఉంటే, ప్రభుత్వం వేయాల్సిందీ 1,20,000. పే స్లిప్‌లో కనిపించేది తన వాటా ఒక్కటే. పన్ను ఫారంలో 80సీసీడీ(2) అనే గడి ఖాళీగా ఉంటుంది. కళ్లముందున్న అంకెను తీసుకెళ్లి ఆ గడిలో రాసేస్తారు. అంకె సరైనదే కాబట్టి చూసేవారికి తప్పు కనిపించదు. కానీ ఆ గడి యజమాని వాటాకు మాత్రమే. ప్రభుత్వ వాటాను ఆదాయంలో కలపకుండా అక్కడ తీసేస్తే, నిజంగా మినహాయించింది ఉద్యోగి తన జేబులోంచి పోయిన డబ్బును. కొత్త పన్ను విధానంలో ఉద్యోగి సొంత వాటాకు ఏ మినహాయింపూ లేదు.

ఒక లెక్క చూద్దాం. ఒక ప్రధానోపాధ్యాయురాలు 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానాన్ని ఎంచుకున్నారనుకుందాం. బేసిక్, డీఏ కలిపి నెలకు లక్ష రూపాయలు, అంటే ఏడాదికి 12,00,000. ఇంటి అద్దె భత్యం వగైరాలు నెలకు 15,000, ఏడాదికి 1,80,000. పే స్లిప్‌లు కూడితే వచ్చే మొత్తం 13,80,000. ప్రభుత్వ వాటా 10 శాతం చొప్పున 1,20,000.

సరైన పద్ధతిలో ఆవిడ స్థూల జీతం 13,80,000 కాదు, ప్రభుత్వ వాటా కలిపి 15,00,000. అందులోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000, 80సీసీడీ(2) కింద 1,20,000 తీసేస్తే పన్ను పడే ఆదాయం 13,05,000. కొత్త విధానం శ్లాబుల ప్రకారం మొదటి 4 లక్షలకు పన్ను లేదు. ఆ పైన 8 లక్షల దాకా 5 శాతం, 12 లక్షల దాకా 10 శాతం. అంటే 12 లక్షల వరకు 60,000. మిగిలిన 1,05,000 మీద 15 శాతం చొప్పున 15,750. మొత్తం 75,750, దాని మీద 4 శాతం సెస్ 3,030. ఆవిడ కట్టాల్సింది 78,780 రూపాయలు.

ఇప్పుడు ప్రభుత్వ వాటాను కలిపి, తీసేయడం మరిచిపోయారనుకుందాం. ఆఫీసు వాళ్లు ఫారం 16లో స్థూల జీతం 15,00,000 అని చూపించారు, మినహాయింపు గడిలో ఏమీ రాయలేదు. పన్ను పడే ఆదాయం 14,25,000 అవుతుంది, పన్ను సెస్‌తో కలిపి 97,500. చేతికి రాని డబ్బు మీద 18,720 రూపాయలు అదనంగా కట్టినట్టు.

మూడోది స్టాఫ్ రూములో ఎక్కువగా జరిగే పొరపాటు. ఆదాయం పే స్లిప్‌ల ప్రకారం 13,80,000 అనే రాసి, అందులోంచే 75,000, 1,20,000 తీసేస్తారు. 11,85,000 మిగులుతుంది. కొత్త విధానంలో పన్ను పడే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను మొత్తం పోతుంది. కాగితం మీద పన్ను సున్నా. 78,780 కట్టాల్సిన మనిషి ఏమీ కట్టక్కర్లేదని లెక్క తేలుతుంది. ఎవరినీ మోసం చేయాలని చేసింది కాదు. ఒక అంకెను కలపకుండా తీసేయడమే. కానీ నోటీసు వచ్చిన రోజు పన్నుతో పాటు వడ్డీ కట్టాలి. ఆదాయం తక్కువ చూపించినందుకు జరిమానా పడే అవకాశం కూడా ఉంది. అప్పుడు “అందరూ ఇలాగే చేశారండీ” అన్న మాట అక్కడ చెల్లదు.

కలపడమూ తీసేయడమూ రెండూ మానేస్తే? 13,80,000 లోంచి 75,000 పోతే అదే 13,05,000 వస్తుంది, పన్ను అదే 78,780. మొత్తం వాటా పరిమితి లోపలే ఉన్నప్పుడు పన్ను మారదు. అయినా నేను రెండూ చూపించమనే చెబుతాను. ఫారం 16లో ఆఫీసు ఒకలా, రిటర్నులో మీరు ఒకలా రాస్తే అంకెలు కలవవు. రెండోది, 1,20,000 అనే అంకె రెండు వైపులా కనిపిస్తేనే పైన చెప్పిన మూడో పొరపాటు మీరు చేయలేదని చూసేవారికి తెలుస్తుంది.

సీపీఎస్ ఉద్యోగికి ఇందులో పన్ను తగ్గిందా అంటే, ఒక రకంగా లేదు. పన్ను బిల్లులో ఆ వాటా కలిసి, వెళ్లిపోతుంది. కానీ 1,20,000 రూపాయల జీతం ఈ ఏడు పన్ను లేకుండా ఆవిడ పెన్షన్ ఖాతాకు చేరింది. అదే డబ్బు జీతంగా ఇచ్చి ఆవిడను వేసుకోమని ఉంటే ముందు 18,720 పన్నుకు పోయేది. లాభం అక్కడుంది.

ఇదే సెక్షన్ ప్రైవేటు ఉద్యోగి చేతిలో మరోలా పనిచేస్తుంది. సీపీఎస్‌లో వాటా ఎంత, వేయాలా వద్దా అన్నది ఉద్యోగి ఇష్టం కాదు. హైదరాబాద్ ఐటీ కంపెనీలో పనిచేసే కుర్రాడికి చాలాసార్లు ఆ ఎంపిక ఉంటుంది, కానీ ఉందని తెలియదు. 2011 నుంచి కంపెనీలు కూడా తమ ఉద్యోగుల కోసం ఎన్‌పీఎస్‌లో చేరే ఏర్పాటు ఉంది. కంపెనీ అందులో ఉంటే, ఏడాది మొదట్లో జీతం విడగొట్టుకునే పోర్టల్‌లో యజమాని వాటా ఎన్‌పీఎస్ అనే వరుస కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే కంపెనీ కొత్తగా ఏమీ ఇవ్వదు. సీటీసీ అదే. స్పెషల్ అలవెన్స్ అంత మేరకు తగ్గి, ఆ డబ్బు కంపెనీ పేరుతో ఉద్యోగి ప్రాన్‌లోకి వెళుతుంది.

ఆ కుర్రాడికి పీఎఫ్‌లో కంపెనీ వాటా కాకుండా నెలకు 1,13,000 జీతం అనుకుందాం, ఏడాదికి 13,56,000. అందులో బేసిక్ 56,500. అతనూ కొత్త విధానంలోనే ఉన్నాడు. ఎన్‌పీఎస్ ఎంచుకోకపోతే స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆదాయం 12,81,000, సెస్‌తో కలిపి పన్ను 75,036. బేసిక్‌లో 14 శాతం, అంటే నెలకు 7,910 చొప్పున ఏడాదికి 94,920 యజమాని వాటాగా మళ్లిస్తే? స్థూల జీతం ఫారం 16లో 13,56,000 గానే ఉంటుంది, ఎందుకంటే ఆ వాటా కూడా జీతమే. తీసేసే దగ్గర మాత్రం 75,000తో పాటు 94,920 చేరుతుంది. ఆదాయం 11,86,080కి దిగుతుంది. 12 లక్షల లోపల పడింది కాబట్టి పన్ను సున్నా.

అతని పెన్షన్ ఖాతాలో 94,920 చేరింది. పన్నులో 75,036 మిగిలింది. ఏడాది మొత్తంలో చేతికొచ్చే జీతం తగ్గింది 19,884 మాత్రమే, నెలకు దాదాపు 1,660 రూపాయలు. ఇదే 94,920ని అతనే జీతం తీసుకున్నాక, అదే ప్రాన్‌లో, అదే ఫండ్‌లో తన చేత్తో వేసుకుని ఉంటే కొత్త విధానంలో పైసా మినహాయింపు ఉండేది కాదు, 75,036 కట్టాల్సిందే. డబ్బు ఒకటే, ఖాతా ఒకటే. వేసింది ఎవరన్నదే తేడా. పాత విధానంలో ఉద్యోగి సొంత వాటాకు లక్షన్నర పరిమితి లోపల ఒక మినహాయింపు, దాని పైన 50,000కి మరో మినహాయింపు ఉన్నాయి. కొత్త విధానంలో ఆ రెండూ పోయాయి, యజమాని వాటా మీది మినహాయింపు ఒక్కటే మిగిలింది. ఇంతమంది కొత్త విధానంలోకి వెళ్లాక కూడా ఈ వరుసను చూడకుండా పోర్టల్ మూసేస్తున్నవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది.

అయితే పై లెక్కలో ఇంత లాభం రావడానికి కారణం అతని ఆదాయం 12 లక్షల గీతకు కాస్త పైన ఉండటమే. అందరికీ ఇలా ఉండదు. ఆదాయం 24 లక్షలు దాటి 30 శాతం శ్లాబులో ఉన్నవారికి, మళ్లించిన ప్రతి లక్షకూ సెస్‌తో కలిపి 31,200 మిగులుతుంది. సర్‌చార్జ్ పడేంత ఆదాయం ఉంటే ఇంకొంచెం. మరోవైపు, పన్ను పడే ఆదాయం ముందే 12 లక్షల లోపు ఉన్నవారికి మిగిలేది ఏమీ లేదు. వాళ్లకు ఎలాగూ పన్ను సున్నా. పన్ను కోసమే అయితే వాళ్లు ఆ డబ్బును అరవై ఏళ్ల దాకా కట్టేసుకోవలసిన పని లేదు. పెన్షన్ కావాలనుకుంటే అది వేరే సంగతి. హెచ్‌ఆర్ వాళ్లు పంపే మెయిల్‌లో ఈ తేడా ఉండదు, అందరికీ ఒకే మాట రాస్తారు. ఎవరి లెక్క వాళ్లే వేసుకోవాలి.

పరిమితి లెక్కలో జీతం అంటే బేసిక్. ఉద్యోగ నిబంధనల్లో ఉంటే డీఏ కూడా. అంతే. ఇంటి అద్దె భత్యం, స్పెషల్ అలవెన్స్, బోనస్ ఏవీ లెక్కలోకి రావు. బేసిక్ తక్కువ పెట్టి అలవెన్సులు ఎక్కువ ఇచ్చే కంపెనీల్లో 14 శాతం అన్నది వినడానికి పెద్దదిగా ఉన్నా రూపాయల్లో చిన్నదే.

ఆ 14 శాతం కూడా అందరికీ మొదటి నుంచీ లేదు. 2004లో ఈ సెక్షన్ వచ్చినప్పుడు పరిమితి 10 శాతం. కొన్నాళ్లు యజమాని వాటా కూడా ఉద్యోగి చేసే మిగతా పొదుపులతో పాటు లక్ష రూపాయల ఉమ్మడి పరిమితిలోనే ఇరుక్కుని ఉండేది. 2011 బడ్జెట్ దాన్ని ఆ పరిమితి నుంచి బయటికి తీసింది. ఇది అదనపు మినహాయింపు అని పేరు తెచ్చుకున్నది అప్పటి నుంచే. 2019 ఏప్రిల్ నుంచి కేంద్రం తన ఉద్యోగులకు వాటాను 14 శాతానికి పెంచి, మినహాయింపునూ అంతకు పెంచింది. రాష్ట్రాల ఉద్యోగులకు మాత్రం మినహాయింపు 10 శాతం దగ్గరే ఉండిపోయింది. ఏ రాష్ట్రమైనా 14 శాతం వేస్తే పైన 4 శాతం ఉద్యోగి ఆదాయంగా మిగిలి, చేతికి రాని ఆ డబ్బు మీద పన్ను పడే పరిస్థితి. 2022 బడ్జెట్ రాష్ట్ర ఉద్యోగులకూ 14 శాతం ఇచ్చి, వెనకటి తేదీ నుంచి వర్తించేలా దాన్ని సరిచేసింది. మన దగ్గర ప్రభుత్వ వాటా 10 శాతమే కాబట్టి ఆ దెబ్బ మన ఉద్యోగులకు తగల్లేదు. ప్రైవేటు ఉద్యోగులకు 2024 జూలై బడ్జెట్ 14 శాతం ఇచ్చింది, కొత్త విధానం ఎంచుకుంటేనే. కంపెనీ తన ఖర్చుగా చూపించుకునే పరిమితిని కూడా అప్పుడే 10 నుంచి 14 శాతానికి పెంచారు. పాత విధానంలో ఉన్న ప్రైవేటు ఉద్యోగికి ఇప్పటికీ 10 శాతమే.

ఇక్కడ ఒక ఇరకాటం ఎదురవుతుంది. ఏప్రిల్‌లో కొత్త విధానం అనుకుని కంపెనీ పోర్టల్‌లో 14 శాతం పెట్టుకుంటారు. జూలైలో రిటర్ను వేసేటప్పుడు ఇంటి రుణం వడ్డీ, పిల్లల ఫీజులు చూసుకుని పాత విధానానికి మారిపోతారు. జీతం ఆదాయం ఒక్కటే ఉన్నవాళ్లు గడువులోపు రిటర్నులో అలా మారవచ్చు. కానీ మారిన మరుక్షణం మినహాయింపు 10 శాతానికి పడిపోతుంది. మన కుర్రాడి లెక్కలో అయితే 94,920కి బదులు 67,800 మాత్రమే తీసేయాలి. మిగిలిన 27,120 ఆదాయంలో ఉండిపోతుంది. ఫారం 16లో ఉన్న 94,920నే దించేస్తే అది తప్పు. రెండు విధానాలనూ పోల్చి చూసేటప్పుడు ఈ అంకెను రెండు చోట్లా ఒకేలా పెట్టకూడదు.

పెద్ద జీతాలవాళ్లకు మరో గోడ ఉంది. పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్ యాన్యుయేషన్ ఫండ్ మూడింటిలో కలిపి యజమాని వాటా ఏడాదికి 7,50,000 దాటితే, దాటిన మొత్తం మీద, దాని మీద వచ్చే పెరుగుదల మీద కూడా పన్ను పడుతుంది. పీఎఫ్ 12 శాతం, ఎన్‌పీఎస్ 14 శాతం వేసుకునేవారికి బేసిక్ నెలకు 2,40,000 దాటితేనే ఈ గోడ తగులుతుంది. ఈ వ్యాసం చదివే ఎక్కువ మందికి దాని అవసరం రాదు.

అందరికీ అవసరమైనది వేరే ఉంది. ఈ మినహాయింపు పన్ను లేకుండా చేయదు, ఎక్కువ భాగం వాయిదా వేస్తుంది. అరవై ఏళ్లకు ఖాతాలోని మొత్తంలో 60 శాతం వరకు ఒకేసారి తీసుకుంటే దానికి పన్ను లేదు. ప్రభుత్వ ఉద్యోగి కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి, దాని మీద నెలనెలా వచ్చే పెన్షన్ ఆ ఏడు ఆదాయమే. ప్రైవేటు వారికి ఈ వాటాల నిబంధనలు వేరుగా ఉంటాయి, మారుతూనే ఉన్నాయి కాబట్టి బయటికి వచ్చే ఏడు మళ్లీ చూసుకోవాలి. మధ్యలో డబ్బు తీయడానికి పిల్లల చదువు, పెళ్లి, ఇల్లు, పెద్ద జబ్బు వంటి కొన్ని కారణాలకే, అదీ సొంత వాటాలో కొంత భాగానికే వీలుంటుంది. యజమాని వాటా వైపు చేయి చాచలేరు. రెండేళ్లలో ఇల్లు కట్టాలనుకునేవారు, అప్పు మీద వడ్డీ కడుతున్నవారు నెలకు ఎంత మళ్లించాలో ఈ మాట గుర్తుంచుకునే నిర్ణయించుకోవాలి.

వాటా నిజంగా జమైందో లేదో చూడటం అన్నింటికన్నా ముందు చేయాల్సిన పని. మినహాయింపు యజమాని వేసిన వాటాకే, వేస్తానన్న దానికి కాదు. ప్రాన్ ఖాతా స్టేట్‌మెంట్‌లో ప్రతి నెలా ఉద్యోగి వాటా, యజమాని వాటా వేర్వేరు వరుసల్లో ఉంటాయి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా యజమాని వరుసను కూడి, ఆ మొత్తాన్ని ఫారం 16తో పోల్చండి. ఒక నెల పడకపోతే లేదా ఆలస్యంగా పడితే ముందు డీడీవోని, ప్రైవేటులో అయితే జీతాల విభాగాన్ని అడగాలి. జమ కాని డబ్బు మీద పన్ను మాటే కాదు, పెరుగుదల కూడా పోతోంది. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. కంపెనీ వాటాను ఉద్యోగి సొంత వాటాగా జమ చేసేస్తారు. స్టేట్‌మెంట్‌లో అది తప్పు వరుసలో కనబడితే ఆ నెలలోనే సరిచేయించుకోవాలి. మార్చి దాటాక ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవాలి.

ఫారం 16 రెండో భాగంలో చూడాల్సినవి రెండే. 17(1) కింద ఉన్న జీతం, మీ పే స్లిప్‌ల మొత్తం కన్నా యజమాని వాటా అంత ఎక్కువగా ఉందా? మినహాయింపుల పట్టికలో 80సీసీడీ(2) ఎదురుగా అదే అంకె ఉందా? ప్రైవేటు సీటీసీలో స్పెషల్ అలవెన్స్ తగ్గించి వేసిన వాటా అయితే, చేతికి వచ్చే జీతంతో పోల్చాలి. రెండూ ఉంటే సరే. పైది ఉండి కింది గడి ఖాళీగా ఉంటే రిటర్నులో మీరే తీసేసుకోవచ్చు, అది మీ హక్కు. కింది గడిలో ఉండి పైన కలవకపోతే మాత్రం రిటర్నులో ముందు కలపాలి, ఆ తర్వాతే తీసేయాలి. వెనకటి ఏడాది రిటర్నులో కలపకుండా తీసేసినట్టు ఇప్పుడు గమనిస్తే, గడువు ఉన్నంతవరకు రివైజ్డ్ రిటర్ను వేయడం మేలు. అది దాటిపోతే అప్‌డేటెడ్ రిటర్ను ఉంది, అందులో అదనపు పన్ను పడుతుంది. నోటీసు కోసం కూర్చోవడం కన్నా అదే నయం.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ల సంఖ్యలు మారాయి, కానీ యజమాని వాటాను జీతంగా కలపడం, పరిమితి వరకు తీసేయడం అనే పద్ధతి అలాగే ఉంది. 2025-26 జీతానికి వేసే రిటర్నులో పాత సంఖ్యలే.

రిటర్ను నింపేటప్పుడు ఉద్యోగ స్వభావం అనే చిన్న గడి కూడా ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర ప్రభుత్వం, ప్రభుత్వ రంగ సంస్థ, పెన్షనర్, ఇతరులు అంటూ అడుగుతుంది. పాత విధానంలో పరిమితి 10 శాతమా 14 శాతమా అన్నది సాఫ్ట్‌వేర్ అక్కడ ఎంచుకున్న దాన్ని బట్టే చూస్తుంది. ఏడాది మధ్యలో పదవీ విరమణ చేసినవాళ్లు రిటర్ను వేసే నాటికి తాము పెన్షనర్లం కదా అని ఆ వరుస నొక్కేస్తారు. పెన్షనర్‌కు యజమాని వాటా ఉండదు కాబట్టి 80సీసీడీ(2) మినహాయింపు తిరస్కరణకు గురవుతుంది. విరమణకు ముందు నెలల జీతం చూపించే దగ్గర రాష్ట్ర ప్రభుత్వం అనే ఎంచుకోవాలి, పెన్షన్‌ను వేరుగా చూపించాలి.